మతిమరుపని వచ్చిన మనిషి: ఒక మానసిక స్థితి పరీక్ష, రూపం నుంచి ఇన్‌సైట్ దాకా

రిఫరల్ చీటీలో ఉన్నది ఒక్క లైను: 58 ఏళ్ల పురుషుడు, రెండున్నర నెలలుగా మతిమరుపు, డిమెన్షియా అనుమానం. కొత్తగా చేరిన ట్రైనీ ముందు చూసి పావుగంటలో మానసిక స్థితి పరీక్ష రాసుకొచ్చింది. "డల్‌గా ఉన్నారు. సహకరించారు. మాట తక్కువ. మూడ్ డిప్రెస్డ్. డెల్యూషన్లు, హాలూసినేషన్లు లేవు. తేదీ చెప్పలేకపోయారు. ఐదు పదాల్లో ఒక్కటే గుర్తుంది. ఇన్‌సైట్ లేదు."

ప్రతి శీర్షిక కిందా ఏదో ఒకటి ఉంది. కానీ ఈ నోట్ పట్టుకుని వార్డులోకి వెళ్తే పదిమందిలో ఆ మనిషి ఎవరో పోల్చుకోలేం. పైగా ఇందులో రెండు ముక్కలు తప్పు, ఒకటి సగమే నిజం. అదే పేషెంటును ట్రైనీని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చూశాను. ఆ గంటలో తేలిన విషయాలు ఇక్కడ రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ముందు ఒక హద్దు గీసుకోవాలి. మానసిక స్థితి పరీక్ష అంటే ఈ గంటలో, ఈ గదిలో మీరు చూసింది, విన్నది. రాత్రి మూడింటికే మెలకువ వస్తోందని భార్య చెప్పింది హిస్టరీ. మాట్లాడుతుండగా కళ్లు మూతలు పడ్డాయా, లేదా అన్నది పరీక్ష. బరువు ఆరు కిలోలు తగ్గారన్నది హిస్టరీ, బెల్టుకు చేత్తో పొడిచిన కొత్త రంధ్రం కనిపించడం పరీక్ష. ఈ రెండూ కలిసిపోతే ఆరు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేసినప్పుడు దేన్ని దేనితో పోల్చాలో తెలియదు. "గతంలో గొంతులు వినిపించాయి, ఇప్పుడు లేవు" అన్నది కూడా హిస్టరీలోకే పోతుంది. చాలామంది మాత్రం ఈ నెలలో ఉన్న అనుభవాలను ఈ గంటలో లేకపోయినా పరీక్షలోనే రాస్తారు. అలా రాస్తే చివరిసారి ఎప్పుడో పక్కన వేయాలి.

తలుపు తీసినప్పటి నుంచి

పరీక్ష మొదటి ప్రశ్నతో మొదలు కాదు. ఆయన్ని పేరు పెట్టి పిలిచాం. బయట కుర్చీలోంచి లేవడానికి కొంతసేపు పట్టింది. నడక నెమ్మది, కానీ అడుగులు పొడుగైనవే, చేతులు రెండూ ఊగుతున్నాయి. ఇది కావాలనే చూశాను. ముఖంలో కదలిక తగ్గి, మనిషి నిదానించినప్పుడు పార్కిన్సన్స్ కూడా అలాగే కనిపిస్తుంది. అందులో అడుగులు చిన్నవవుతాయి, ఒక చెయ్యి ఊగడం మానేస్తుంది, వేళ్లలో వణుకు ఉండొచ్చు. ఇక్కడ అవేవీ లేవు. మణికట్టు పట్టుకుని కదిపితే బిగుసుకుపోయిన లక్షణం కూడా లేదు.

చొక్కా ఉతికింది, ఇస్త్రీ చేసింది. మెడ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు. గడ్డం నాలుగైదు రోజులది. ఆ శుభ్రమైన చొక్కా చూసి "సొంత శుభ్రత బాగుంది" అని రాస్తే పొరపాటే. బట్టలు తీసి పెట్టింది ఎవరో అడగండి. భార్యే తీసి పెడుతోందట, స్నానానికీ ఆవిడే లేపాలట. గడ్డం మాత్రం ఆవిడ చేతిలో లేదు.

కూర్చున్నాక తల వంచి నేల చూస్తున్నారు. కనుబొమల మధ్య నుదురు ముడిపడే ఉంది, మాట్లాడుతున్నంతసేపూ వదలలేదు. కాళ్లు, మొండెం కదలవు. కుడి బొటనవేలు మాత్రం ఎడమ బొటనవేలి గోరును ఆగకుండా రుద్దుతూనే ఉంది, ఆ చర్మం ఎర్రబారింది. శరీరం మందగించి ఉండగానే ఒక మూల ఆందోళన ఇలా బయటపడటం తీవ్రమైన డిప్రెషన్‌లో తరచూ చూస్తాం. రెండూ ఒకేచోట ఉండవని అనుకోకండి.

ట్రైనీ రాసిన "డల్" అన్న మాటలో ఇవేవీ లేవు. డల్ అన్నది మన మనసులో కలిగిన అభిప్రాయం. రేపు ఇంకో డాక్టరు చూసి సరిపోల్చుకోవడానికి ఆ అభిప్రాయం పనికిరాదు, గోరు రుద్దడం పనికొస్తుంది.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది స్పృహ. మెలకువగా ఉన్నారా, మనం మాట్లాడుతుంటే మన వైపే ఉన్నారా, మధ్యలో జారిపోతున్నారా? స్పృహ మసకబారితే కింద రాసే ఏ శీర్షికకూ పూర్తి విలువ ఉండదు. అప్పుడు అది డెలీరియం, వెతకాల్సింది ఇన్ఫెక్షన్, సోడియం, మందులు. మౌనంగా, మగతగా ఉండే డెలీరియం పెద్దవయసువాళ్లలో డిప్రెషన్ పేరుతో మన దగ్గరికి వస్తూనే ఉంటుంది. ఈయన గంటసేపూ ఒకేలా మెలకువగా ఉన్నారు. నెమ్మదిగానే అయినా ప్రతి ప్రశ్నకూ మన వైపు తిరిగారు. రక్త పరీక్షలు, థైరాయిడ్, బి12, మెదడు స్కాన్ అంతకుముందే అయ్యాయి, చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు.

మాట: ఎంతసేపు ఆగాలి

ఈ కేసు మలుపు తిరిగింది ఇక్కడే. మాట అనే శీర్షిక కింద మనం చూసేది చెప్పిన విషయాన్ని కాదు, అది బయటికి వచ్చే తీరును. వేగం, గొంతు స్థాయి, ఎత్తుపల్లాలు, ఎంత మాట్లాడతారు, తనంతట తాను మాట్లాడతారా, అడిగితేనే మాట్లాడతారా, ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎంత ఖాళీ ఉంటుంది.

"ఏం పని చేసేవారండీ?" అని అడిగి ఊరుకున్నాను. గోడ గడియారంలో ఎనిమిది సెకన్లు గడిచాయి. రోగి ఎదురుగా కూర్చుని అంతసేపు ఆగడం చాలా కష్టం, ట్రైనీ కుర్చీలో కదలడం నాకు తెలుస్తూనే ఉంది. అప్పుడు గొంతు వచ్చింది, చాలా తగ్గు స్థాయిలో, ఒకే శ్రుతిలో: "అకౌంట్స్... ముప్పై ఏళ్లు చేశానండి. ఆఖరి ఆరేళ్లు సెక్షన్ హెడ్‌గా." పూర్తి వాక్యం, సరైన జవాబు. మాట కోసం తడుముకోలేదు, ఒక మాటకు బదులు ఇంకోటి పడలేదు. పెన్ను, గడియారం, దాని ముల్లు చూపిస్తే మూడింటి పేర్లూ చెప్పారు. ఒక పొడుగాటి వాక్యం చెప్పమంటే తప్పు లేకుండా తిరిగి చెప్పారు. అంటే భాష దెబ్బతినలేదు, జవాబు ఆలస్యమవుతోంది.

ఇంతకుముందు ఏం జరిగిందో ట్రైనీని అడిగాను. జవాబు రాకపోతే మూడు నాలుగు సెకన్లకే తర్వాతి ప్రశ్న వేసేదాన్నని చెప్పింది. రెండు మూడు ప్రశ్నల తర్వాత ఆయన "తెలియదండి" అనడం మొదలుపెట్టారట. ఆ "తెలియదు"లన్నీ వరసగా జ్ఞాపకశక్తి లోపం కింద చేరాయి. మాటలో ఆలస్యాన్ని ముందే గుర్తించి కొలిచి ఉంటే, జ్ఞాపకం పరీక్ష పెట్టేటప్పుడు ఒక్కో జవాబుకు పది పదిహేను సెకన్లు ఇచ్చి ఉండేది. శీర్షికలకు ఆ వరస పెట్టింది రాసుకునే సౌకర్యం కోసమే కాదు. ముందు వచ్చేవి తర్వాతి వాటిని ఎలా చదవాలో చెబుతాయి.

మూడ్, అఫెక్ట్ దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు, కానీ రెండిటినీ కలపకూడదు. మూడ్ పేషెంటు చెప్పేది, అందుకే ఆయన మాటల్లోనే కొటేషన్‌లో రాయాలి. "లోపల ఏమీ మిగల్లేదండి. ఏడుపు కూడా రాదు." "మూడ్ డిప్రెస్డ్" అని రాస్తే ఏడుపు కూడా రాకపోవడమన్న ముక్క పోతుంది. సాధారణ దుఃఖానికీ దీనికీ ఉన్న తేడా ఆ ముక్కలోనే ఉంది. అఫెక్ట్ మనం చూసేది: ఏ భావం, ఎంత పరిధిలో, కదిపితే కదులుతుందా, మాటకు తగ్గట్టు ఉందా. మనవరాలి గురించి అడిగాను. ఆ పాప ఈ మధ్యే నడక నేర్చిందని భార్య ముందే చెప్పింది. ముఖంలో ఏ మార్పూ లేదు. "ఆ పాపకు కూడా నా వల్ల అన్యాయం జరుగుతుంది" అన్నారు. అఫెక్ట్ పరిధి బాగా కుంచించుకుపోయింది, స్పందన లేదు, చెప్పే విషయానికి మాత్రం సరిపోతోంది. అన్యాయమన్న ఆ మాటే నాకు దారి చూపించింది.

ఆలోచన: ఏ తీరున, ఏ విషయం మీద

ఆలోచన తీరు అంటే ఒక వాక్యం నుంచి ఇంకో వాక్యానికి వెళ్లే దారి. మేనియాలో ఒక మాట ఇంకో మాటను లాక్కుంటూ పోతుంది, వేగం ఎక్కువైనా లంకె కనబడుతుంది. స్కిజోఫ్రీనియాలో లంకే తెగొచ్చు, వింటున్నవాడికి ఎక్కడ తప్పిపోయాడో తెలియదు. ఈయన ఆలోచన నెమ్మది, కొద్ది విషయాల చుట్టూనే తిరుగుతోంది, కానీ అడిగినచోటికే చేరుతోంది. ఈ తేడా రాయాలంటే ఒకటి రెండు వాక్యాలు ఆయన అన్నవి అన్నట్టే నోట్‌లో దించాలి.

విషయం తెలియాలంటే తలుపు తట్టాలి. "మీకు డెల్యూషన్లు ఉన్నాయా" అన్నట్టుండే ప్రశ్నకు జవాబు ఎప్పుడూ "లేవు". ట్రైనీ అడిగింది, "ఎవరైనా మీకు హాని చేస్తారని అనుమానం ఉందా?" లేదన్నారు. నిజమే చెప్పారు. ఆయన బాధ ఇంకొకరు తనకు హాని చేస్తారని కాదు, తానే హాని చేశానని. డిప్రెషన్ తీవ్రంగా ఉన్న మనిషిని అపరాధం గురించి, డబ్బు పోవడం గురించి, శరీరం కుళ్లిపోతోందన్న నమ్మకం గురించి, శిక్ష గురించి విడివిడిగా అడగాలి.

"అన్యాయం అన్నారు. ఏం జరిగిందండీ?" అన్నాను. ఈసారి పన్నెండు సెకన్లు పట్టింది. ఇరవై రెండేళ్ల కిందట ఒక ఏడాది ముగింపు లెక్కల్లో తాను ఒక అంకె తప్పు వేశానని, దానివల్ల ఆఫీసు దివాలా తీసిందని, ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారని, ఇప్పుడు పోలీసులు తన ఇల్లు స్వాధీనం చేసుకోబోతున్నారని చెప్పారు. ఆ ఆఫీసు ఇప్పటికీ నడుస్తోందని, పింఛను నెలనెలా వస్తోందని భార్య చెప్పింది.

ఇంతమాత్రాన డెల్యూషన్ అని రాసేయకూడదు. తప్పు జరిగి ఉండొచ్చు, మనకేం తెలుసు? చూడాల్సింది నమ్మకం ఎంత గట్టిదో, దాన్ని ఏ ఆధారం మీద నిలబెడుతున్నారో. వాదించకుండా అడిగాను.

"మీరు లెక్క సరిగ్గానే వేశారేమో అని ఎప్పుడైనా అనిపించిందా?"

"లేదండి."

"పాత రిజిస్టరు తెప్పించి చూస్తే, అందులో అంకె సరిగ్గానే ఉంటే?"

"ఉండదు. ఉన్నా అది మార్చేసిన రిజిస్టరు అయ్యుంటుంది."

"ఆఫీసు నడుస్తోందని మీ ఆవిడ అంటున్నారు కదా."

"నన్ను ఓదార్చడానికి అంటుంది పాపం."

ఎదురొచ్చిన ప్రతి ఆధారమూ నమ్మకానికి కొత్త ఊతంగా మారిపోతోంది. అక్కడ మనం డెల్యూషన్ అనొచ్చు. "ఏమో, ఎక్కువ ఆలోచిస్తున్నానేమో" అని కొంచెమైనా సందు వదిలి ఉంటే అది తీవ్రమైన అపరాధ భావనే అయ్యుండేది. అదే ఆలోచన తన ఇష్టం లేకుండా పదేపదే వస్తోందని, అర్థం లేనిదని తెలిసి కూడా ఆపలేకపోతున్నానని అంటే అబ్సెషన్ వైపు చూసేవాళ్లం.

ఆత్మహత్య ప్రశ్న ఈ చోటికే సహజంగా అమరుతుంది. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం కొత్తవాళ్లందరికీ ఉంటుంది. అలా పుట్టదు. "ఇంత భారం మోస్తున్నప్పుడు బతకాలనిపించని రోజులు ఉంటాయి. మీకు?" అని మొదలుపెట్టి, చనిపోతే బాగుండుననిపించడం, చనిపోవాలన్న ఆలోచన, ఎలాగన్న ఆలోచన, దానికి చేసుకున్న ఏర్పాటు, ఎప్పుడన్నది, ఇప్పటిదాకా ఆపుతున్నదేమిటన్నది ఒక్కో మెట్టే దిగాను. ఆయన ఒక మార్గం నిశ్చయించుకున్నారు, దానికి కావలసింది ఇంట్లోనే ఉంది. ఇవాళ్టి దాకా ఆపింది భార్య ఒంటరిదవుతుందన్న ఆలోచన. అది విన్నాక ఇంకో ప్రశ్న తప్పదు, నోరు రాకపోయినా అడగాలి: "ఆవిడ్ని కూడా ఈ కష్టం నుంచి తప్పించాలని ఎప్పుడైనా అనిపించిందా?" కుటుంబమంతా నాశనమవుతుందని నమ్మే మనిషిలో అది కూడా రావచ్చు. లేదన్నారు, తల కూడా అడ్డంగా ఊపారు. గంట మొత్తంలో ప్రశ్న అవ్వకుండానే వచ్చిన జవాబు అదొక్కటే. అది కూడా నోట్ చేశాను.

ట్రైనీ నోట్‌లో ఆత్మహత్య గురించి ఒక్క మాట లేదు. రాయలేదంటే అడగలేదనే అర్థం చేసుకోవాల్సి వస్తుంది. అడిగితే, లేదన్నా, "అడిగాను, లేదన్నారు" అని రాయండి.

పర్సెప్షన్ దగ్గర కూడా అడిగే తీరే ముఖ్యం. "మనసు ఇంత బరువుగా ఉన్నప్పుడు కొందరికి ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తాయి. అలాంటిదేమైనా?" తెల్లవారుజామున ఒక మగ గొంతు వినిపిస్తోందట, గది బయట నుంచి, చెవులతో విన్నట్టే. "నువ్వు దొంగవి", "ఇంకెంతకాలం" అనే రెండే మాటలు. గొంతు నేరుగా ఆయనతోనే అంటోంది, పొట్టి మాటలు, అన్నీ నిందలే. మూడ్‌కు సరిగ్గా సరిపోయే హాలూసినేషన్ ఇది. ఇద్దరు ముగ్గురు గొంతులు తన గురించి తమలో తాము మాట్లాడుకోవడమో, చేస్తున్న ప్రతి పనినీ వర్ణించడమో అయితే ఆలోచన ఇంకోవైపు పోవాలి. గొంతు ఏదైనా చెయ్యమని ఆదేశిస్తోందా అని అడిగాను. లేదు. మనుషులు, జంతువులు కనిపిస్తున్నాయా అని కూడా అడిగాను. ఈ వయసులో స్పష్టంగా బొమ్మ కట్టినట్టు కనిపించేవి ఉంటే డెలీరియం, లూయీ బాడీ డిమెన్షియా గుర్తుకు రావాలి. అవీ లేవు.

"తెలియదు" అన్న జవాబును ఎలా చదవాలి

ఇక అసలు ఫిర్యాదు, మతిమరుపు. ముందు ఏకాగ్రత చూడాలి. ఏకాగ్రత లేనివాడికి పదాలు చెప్పి గుర్తున్నాయా అని అడగడం దండగ, అవి లోపలికే వెళ్లి ఉండవు. వారం రోజుల పేర్లు వెనక్కి చెప్పమన్నాను: శని, శుక్ర, గురు... నలభై సెకన్లు పట్టింది, ఒక్క తప్పూ లేదు. అంకెలు సెకనుకొకటి చొప్పున చెప్పి తిరిగి చెప్పమంటే ముందుకు ఐదు, వెనక్కి మూడు చెప్పారు. ముందుకు ఐదు అన్నది మామూలు హద్దు అంచున ఉన్నట్టు. వందలోంచి ఏడేడు తీసేయమంటే 93, 86, 79 దాకా వచ్చి, "చాలండి, నా లెక్కల సంగతి చెప్పాను కదా" అని ఆగిపోయారు. ముప్పై ఏళ్లు అకౌంట్స్ చేసిన మనిషి ఇక్కడ ఆగడం కాగ్నిషన్ కంటే డెల్యూషన్ గురించే ఎక్కువ చెబుతోంది. పరీక్షాంశం ఎంచుకునేటప్పుడు ఇలాంటివి చూసుకోవాలి, చదువు, వృత్తి, బాధ ఏమిటన్నది కూడా.

తేదీ అడిగితే "తెలియదండి". ఆగాను. "సుమారుగా చెప్పండి, తప్పైనా పర్లేదు." పదకొండు సెకన్లకు చెప్పారు, ఒక్క రోజు తేడా. నెల, సంవత్సరం, వారం, ఉన్న చోటు అన్నీ సరి.

ఐదు పదాలు రెండుసార్లు చెప్పాక ఐదూ తిరిగి చెప్పారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే ఒక్కటే వచ్చింది, "ఇంక రావు" అన్నారు. ట్రైనీ నోట్ ఇక్కడితో ఆగింది. ఇంకో రెండు మెట్లున్నాయి. "ఒకటి శరీరంలో భాగం" అని ఊతం ఇస్తే వచ్చింది, "ఒకటి పువ్వు" అంటే అదీ వచ్చింది, మొత్తం మూడు. మిగిలిన రెండింటికి ఒక్కోదానికి మూడేసి పదాలు చెప్పి అందులో ఏదని అడిగితే రెండూ సరిగ్గా పట్టుకున్నారు. చెప్పని పదాన్ని విన్నానని ఒక్కసారీ అనలేదు. అంటే పదాలు లోపలికి వెళ్లాయి, నిలిచాయి. పైకి తెచ్చుకోవడానికి కావలసిన ప్రయాస లేదు. అల్జైమర్స్‌లో తరచూ దీనికి విరుద్ధంగా ఉంటుంది: ఊతమిచ్చినా పెద్దగా సాయపడదు, చెప్పని పదాన్ని కూడా విన్నానంటారు. జవాబు రాదని ఒప్పుకోవడం కంటే దగ్గర్లో ఉన్న తప్పు జవాబేదో చెప్పడం, నవ్వి మాట దాటేయడం, పక్కనున్న భార్య వైపు తల తిప్పి ఆమె చేత చెప్పించడం అక్కడ ఎక్కువ. ఈయన ఒక్కసారి కూడా భార్య వైపు చూడలేదు. తనకు జ్ఞాపకం లేదని తానే పదేపదే ఎత్తి చెప్పుకున్నారు, పరీక్షలో కనిపించిన దానికంటే ఎక్కువగా.

గడియారం బొమ్మ నెమ్మదిగా గీశారు, పన్నెండు అంకెలూ వాటి వాటి చోట్లలో, పది దాటి పది నిమిషాలకు ముళ్లు సరిగ్గా. "దూరపు కొండలు నునుపు" అంటే ఏమిటని అడిగితే, "పైకి మంచిగా కనబడేవాడు దగ్గరికెళ్తే అలా ఉండడు. నాలాగ" అన్నారు. అర్థం సరిగ్గా పట్టుకుని తన బాధకు అతికించుకున్నారు. సామెత పరీక్ష మీద నాకు పెద్ద నమ్మకం లేదు, ముందే తెలిసిన అర్థాన్ని అప్పజెప్పేవాళ్లే ఎక్కువ. కానీ ఇలాంటి జవాబు వచ్చినప్పుడు విలువ ఉంటుంది.

డిప్రెషన్ వల్ల డిమెన్షియాలా కనిపించే ఈ చిత్రానికి సూడోడిమెన్షియా అనే పేరు 1961లో కైలో రాసిన వ్యాసంతో బాగా వాడుకలోకి వచ్చింది. ఆ పేరు మీద అభ్యంతరాలు ఉన్నాయి, అవి న్యాయమైనవే. లోపం నకిలీది కాదు, పరీక్షలో నిజంగానే కనిపిస్తోంది. పైగా ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు. అందుకే నోట్‌లో ఆ పేరు రాయలేదు, ఊతంతో ఎన్ని పదాలు వచ్చాయో రాశాను.

"ఇన్‌సైట్ లేదు" అన్న రెండు మాటలు

ఇన్‌సైట్‌ను ఉంది, లేదు అని తేల్చడం అలవాటైపోయింది. శిక్షణలో ఒకటి నుంచి ఆరు వరకు గ్రేడ్లు నేర్పుతారు, పూర్తిగా కాదనడం నుంచి నిజంగా గ్రహించి నడవడిక మార్చుకోవడం దాకా. గ్రేడ్ వేయండి, కానీ అంకె ఒక్కటే వదిలేయకండి. ఆంథొనీ డేవిడ్ 1990లో చేసిన విభజన నాకు మంచం పక్కన ఎక్కువ ఉపయోగపడుతుంది. తనకు జబ్బు ఉందని ఒప్పుకుంటున్నారా, తన అనుభవాలను జబ్బు లక్షణాలుగా చూడగలుగుతున్నారా, చికిత్స తీసుకుంటారా? మూడూ వేర్వేరు ప్రశ్నలు, జవాబులు వేర్వేరుగా రావచ్చు.

"మీకు ఏదైనా జబ్బు ఉందంటారా?" "మెదడు పాడైపోయిందండి, గుర్తుండట్లేదు." ఒప్పుకున్నట్టే. "ఆ గొంతు, ఆ లెక్క సంగతి కూడా జబ్బులో భాగమేనంటారా?" "కాదండి. అది జరిగింది." ఇక్కడ ఏమాత్రం లేదు. "ఆసుపత్రిలో ఉండి మందులు వాడతారా?" వెంటనే కాకపోయినా, స్పష్టంగా: "ఉంచండి. ఏం చేసినా పడతాను."

ఇక్కడ ట్రైనీ ముఖం తేలికపడింది, పేషెంటు ఒప్పుకున్నారని. నేను ఇంకో ప్రశ్న అడిగాను: "ఎందుకు ఉండాలనుకుంటున్నారు?" "శిక్ష ఇక్కడే మొదలవ్వాలేమో." చికిత్సకు సరే అన్నారు, కానీ చికిత్సను శిక్షగా అర్థం చేసుకుని సరే అన్నారు. కాగితం మీద సంతకం చేయించుకుంటే చాలదు. ఏం చేయబోతున్నామో, దానివల్ల లాభనష్టాలేమిటో అర్థం చేసుకుని, తూచి చెప్పగలరా అన్నది విడిగా పరీక్షించి రాయాలి. ఈ విషయంలో ఆ రోజు ఆయన తూచి చెప్పే స్థితిలో లేరు. అప్పుడు నడవాల్సింది చట్టం చెప్పిన దారిలో, కుటుంబాన్ని కలుపుకుని.

జడ్జిమెంట్ కోసం, దారిలో స్టాంపు అంటించిన ఉత్తరం దొరికితే ఏం చేస్తారు లాంటి ప్రశ్నలు పుస్తకాల్లో ఉంటాయి. నేను వాటిని దాదాపు వాడను. ప్రాణం తీసుకునే ఏర్పాటు ఇంట్లో ఉండి, భార్యకు చెప్పకుండా, రెండు నెలలుగా తిండి తగ్గించుకుంటూ వచ్చిన మనిషి జడ్జిమెంట్‌కు అంతకంటే పరీక్ష అక్కర్లేదు.

రాసిన నోట్

ట్రైనీ చేతే మళ్లీ రాయించాను. కొద్దిగా కుదించి ఇస్తున్నాను.

"స్పృహలో ఉన్నారు, గంటసేపూ మార్పు లేదు. వయసుకు మించి కనిపిస్తున్నారు, బట్టలు వదులు, గడ్డం నాలుగైదు రోజులది. నేల చూపు, నుదురు ముడి, శరీరం కదలిక చాలా తక్కువ, బొటనవేలి గోరు ఎడతెగక రుద్దుతున్నారు. వణుకు, బిగుసుకుపోవడం లేవు. అడిగితేనే మాట, ఎనిమిది నుంచి పన్నెండు సెకన్ల ఆలస్యం, గొంతు తగ్గు, ఒకే శ్రుతి, భాష సరిగ్గా ఉంది. మూడ్: 'లోపల ఏమీ మిగల్లేదు, ఏడుపు కూడా రాదు.' అఫెక్ట్ కుంచించుకుంది, స్పందన లేదు, విషయానికి తగ్గట్టుంది. ఆలోచన నెమ్మది, లంకె ఉంది. అపరాధం, శిక్ష, నాశనం గురించి డెల్యూషన్లు, పూర్తి నమ్మకంతో. ఆత్మహత్య ఆలోచన, మార్గం, సాధనం ఉన్నాయి. ఇతరులకు హాని ఆలోచన అడిగాను, లేదన్నారు. తెల్లవారుజామున నేరుగా నిందించే ఒక గొంతు, ఆదేశాలు లేవు, దృశ్యాలు లేవు. ఏకాగ్రత నెమ్మది, తప్పుల్లేవు. తేదీలో ఒక్క రోజు తేడా. ఐదు పదాల్లో తనంతట ఒకటి, ఊతంతో మూడు, గుర్తుపట్టినవి కలిపి ఐదు. జబ్బు ఉందని కొంత ఒప్పుకుంటున్నారు, డెల్యూషన్లను జబ్బుగా చూడట్లేదు, చికిత్సను శిక్షగా అంగీకరిస్తున్నారు."

మొదటి నోట్ కంటే పెద్దదే, కానీ ఒక పేజీ దాటలేదు. దీన్ని చదివినవాళ్లు రోగనిర్ధారణ మాట లేకుండానే సైకోటిక్ లక్షణాలతో కూడిన తీవ్ర డిప్రెషన్ దగ్గరికి వస్తారు, ఆ రాత్రి ఆయన్ని ఒంటరిగా ఇంటికి పంపకూడదన్న సంగతీ వాళ్లకు తెలుస్తుంది. ఆ రోజే వార్డులో చేర్చుకుని దగ్గరి కాపలా పెట్టాం. ఇంట్లో ఉన్న సాధనాన్ని భార్య, కొడుకు తీయించేశారు. తిండి, నీళ్లు దాదాపు మానేసి, ప్రాణం తీసుకునే నిశ్చయంతో ఉన్నందువల్ల మందులు మొదలుపెడుతూనే ఈసీటీ, అంటే మత్తు ఇచ్చి మెదడుకు కొద్దిపాటి విద్యుత్తు పంపే చికిత్స, కూడా ఎంచుకున్నాం. ఈ రకం డిప్రెషన్‌లో అది బాగా పనిచేస్తుంది.

తర్వాతి వారాల్లో పరీక్ష మళ్లీ మళ్లీ చేయడం వల్ల ఏది ముందు మారుతుందో ట్రైనీకి కళ్లారా కనిపించింది. ముందు మారింది జవాబులో ఆలస్యం, గోరు రుద్దడం ఆగిపోవడం. ఆయన మాత్రం "నాకేం తేడా లేదు" అనే అంటున్నారు. ఒంట్లో చురుకు వచ్చి, మనసు ఇంకా చీకట్లోనే ఉన్న ఆ రోజుల్లో ఆత్మహత్య ప్రమాదం తగ్గిందనుకోకూడదు, కాపలా అలాగే ఉంచాం. తర్వాత గొంతు పోయింది. డెల్యూషన్ ఒక్కసారి పోలేదు. ముందు "అంకె తప్పే, కానీ ఆఫీసు మునగలేదేమో" అన్నారు, ఇంకొన్నాళ్లకు "ఎందుకంత గట్టిగా అనుకున్నానో తెలియదు" అన్నారు.

ఈసీటీ కూడా కొన్నాళ్లు జ్ఞాపకాన్ని మసకబారుస్తుంది, అందుకని చికిత్స ఆగి కొన్ని వారాలు గడిచాకే ఐదు పదాలు మళ్లీ పెట్టాం, ఈసారి వేరే పదాలతో. తనంతట నాలుగు వచ్చాయి, ఐదోది ఊతంతో వచ్చింది. వందలోంచి ఏడు తీసివేతలు 65 దాకా ఆగకుండా చెప్పారు. ఇన్‌సైట్ మాత్రం పూర్తిగా రాలేదు: "జబ్బే అది, ఒప్పుకుంటాను. కానీ ఆ రిజిస్టరు ఒక్కసారి చూసుంటే బాగుండేది" అన్నారు. అది అలాగే రాసుకున్నాం. ఆరు నెలలకోసారి జ్ఞాపకం పరీక్ష కొనసాగించాలని కూడా రాశాం. పెద్దవయసులో డిప్రెషన్‌తో వచ్చి తగ్గిపోయిన మతిమరుపు కొందరిలో కొన్నేళ్లకు నిజమైన డిమెన్షియాగా బయటపడుతుంది. అలా జరిగితే పోల్చి చూడటానికి ఊతంతో ఎన్ని, ఊతం లేకుండా ఎన్ని అన్న ఈ అంకెలు ఫైల్లో ఉండాలి.